వాయిస్ ప్రాసెస్‌కి ఫ్రెషర్ రెజ్యూమే: ముందు షిఫ్ట్ చూడండి, తర్వాత మాట, ఆఖర్న టూల్స్

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒక బీపీఓలో రిక్రూటర్‌గా ఈమధ్యే చేరాను. ఇంటర్నేషనల్ వాయిస్ ప్రాసెస్‌కి ఫ్రెషర్లు కావాలి. పోస్టింగ్‌లో "ఎక్సలెంట్ కమ్యూనికేషన్, యూఎస్ షిఫ్టులకు ఫ్లెక్సిబుల్‌గా ఉండాలి, సీఆర్‌ఎం టూల్స్ తెలిస్తే మంచిది, 25 కిలోమీటర్ల లోపల టూ వే క్యాబ్" అని ఇచ్చాం. వచ్చిన రెజ్యూమేలన్నీ ఒకేలా ఉన్నాయి. గుడ్ కమ్యూనికేషన్, ఎనీ షిఫ్ట్ ఓకే, ఎంఎస్ ఆఫీస్. అందరూ ఇదే రాస్తే ఎవర్ని పిలవాలో ఎలా తేల్చుకోవాలండీ?

జవాబు:

మీరు అడిగిన మూడింటికీ రెజ్యూమే ఒకే మేరకు జవాబు చెప్పదండీ. షిఫ్ట్ సంగతి చాలావరకు చెబుతుంది, కాకపోతే "ఎనీ షిఫ్ట్ ఓకే" అన్న లైన్‌లో కాదు, అడ్రస్ దగ్గర, చదువు దగ్గర చెబుతుంది. కమ్యూనికేషన్ గురించి చిన్న ఆనవాలు ఇస్తుంది, అంతే. ఇక టూల్స్ అని ఫ్రెషర్ రాసేదాంట్లో సగం నెట్ సెంటర్ వాళ్ల ఫార్మాట్‌లో ముందే ఉన్నది. అందుకే పోస్టింగ్‌లో మీరు ఇచ్చిన వరసలో చదవకండి. ముందు షిఫ్ట్, తర్వాత మాట, ఆఖర్న టూల్స్. ట్రైనింగ్‌లో నేర్పగలిగేదాన్ని చివరికి పెట్టుకుని, మనం మార్చలేనిదాన్ని ముందు చూసుకోవడం, అంతే ఇందులో లెక్క.

రెజ్యూమేలు తెరిచే ముందు ఆపరేషన్స్ మేనేజర్‌ని ఒక మాట అడగండి: క్లయింట్ ఏ టైమ్ జోన్, షిఫ్ట్ ఫిక్స్‌డా రొటేషనలా? "యూఎస్ షిఫ్ట్" అంటే ఒకటే టైమింగ్ కాదు. ఈస్టర్న్ టైమ్‌లో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా లైన్లు తెరిచి ఉంచే క్లయింట్ అయితే, మార్చి నుంచి నవంబర్ దాకా మనకు సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజామున 3:30. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మనం తిప్పం. దాంతో అదే షిఫ్ట్ మనకు 7:30 నుంచి 4:30 అయి కూర్చుంటుంది. మార్చి రెండో ఆదివారం మళ్లీ మామూలే. పసిఫిక్ టైమ్ క్లయింట్ అయితే దీనికి ఇంకో మూడు గంటలు కలుపుకోండి. చలికాలంలో రాత్రి 10:30కి లాగిన్, ఉదయం 7:30కి లాగౌట్. ఈ రెండింటికీ ఒకే మనిషి "ఓకే" అనొచ్చు, అనకపోవచ్చు. కానీ టైమింగ్ మీకే తెలియకుండా ఫోన్ చేస్తే అవతలివాళ్లు "ఓకే మేడమ్" అనడం తప్ప ఇంకేం చెప్పగలరు?

టైమింగ్ తెలిశాక రెజ్యూమేలో మొట్టమొదట చూడాల్సింది పైన మూలకున్న అడ్రస్. చాలామంది ఫ్రెషర్లు పర్మనెంట్ అడ్రస్ ఒక్కటే రాస్తారు. ఖమ్మం జిల్లాలో ఏదో ఊరు కనిపించగానే పక్కన పెట్టేయకండి. సిటీకి వచ్చి హాస్టల్లో దిగాలనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. "హైదరాబాద్‌లో ఎక్కడ ఉంటారు? హాస్టల్ చూసుకున్నారా, ఇంకా చూసుకోవాలా?" అని అడిగితే తేలిపోతుంది. కొండాపూర్‌లో హాస్టల్ అద్దె ఎంతో చెప్పగలిగినవాళ్లు ఆ ఆలోచన నిజంగా చేసినట్టే. "చూసుకుంటాను మేడమ్" అని ఊరుకుంటే జాయినింగ్ డేట్ దగ్గర కాస్త అనుమానంగానే ఉండండి.

సిటీలో ఉన్నవాళ్ల అడ్రస్ అయితే క్యాబ్ బౌండరీతో పోల్చండి. 25 కిలోమీటర్లు అన్నది మ్యాప్ మీద గీసిన వృత్తమా, రోడ్డు దూరమా అని మీ ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌ని ఒకసారి అడిగి పెట్టుకోండి. రెండింటికీ మధ్య చాలా ఏరియాలు రాలిపోతాయి. హయత్‌నగర్ మనిషి గచ్చిబౌలికి ఎలా చూసినా బౌండరీ అవతలే. అలాంటివాళ్లకు మామూలుగా నోడల్ పాయింట్ ఇస్తారు, అంటే క్యాబ్ బౌండరీ లోపల ఒక చోట ఎక్కించుకుని అక్కడే దింపుతుంది. సాయంత్రం ఎక్కడం పెద్ద సమస్య కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకి లాగౌట్ అయ్యాక మెట్రో ఉండదు, సిటీ బస్సులు ఇంకా పుంజుకోవు. దింపిన చోటి నుంచి ఇంటికి ఎలా వెళ్తారన్నదే అసలు ప్రశ్న. బండి ఉందా, ఇంట్లో ఎవరైనా వస్తారా, లేకపోతే ఆఫీసు దగ్గరికి మారతారా? ఈ జవాబు ముందే లేకపోతే మనిషి ట్రైనింగ్ పూర్తిచేసి, ఫ్లోర్ మీదకు వచ్చిన కొద్ది రోజులకే మానేస్తారు. ట్రైనింగ్ చాలాచోట్ల పగలు గానీ సాయంత్రం గానీ పెడతారు కాబట్టి అప్పటిదాకా బయటపడదు.

రెండోది చదువు. "పర్స్యూయింగ్" అన్న మాట ఎక్కడుందో వెతకండి. ఎంబీఏ రెగ్యులర్‌గా చదువుతూ ఉంటే పగలు కాలేజీ, రాత్రి షిఫ్ట్ ఎక్కువ రోజులు నడవదు. డిస్టెన్స్‌లో చదువుతుంటే పరీక్షల నెల ఎప్పుడో తెలుసుకుంటే చాలు. డిగ్రీ పూర్తయినట్టు సంవత్సరం వేసి పర్సంటేజీ వేయకపోతే బ్యాక్‌లాగ్స్ ఉండొచ్చు. పోస్టింగ్ "ఎనీ గ్రాడ్యుయేట్" అంటే సర్టిఫికెట్ కావాలి, "అండర్ గ్రాడ్యుయేట్స్ ఓకే" అంటే అక్కర్లేదు. ఇది క్లయింట్ షరతు కాబట్టి మీరు దయ చూపించే చోటు కాదు. డిగ్రీకీ ఇవాళ్టికీ మధ్య ఏడాదిన్నర ఖాళీ కనిపిస్తే ఎక్కువసార్లు గ్రూప్స్‌కో బ్యాంక్ పరీక్షలకో చదివి ఉంటారు. అది తప్పేం కాదు. "ఇంకా రాస్తున్నారా?" అని మామూలుగా అడగండి. రాస్తున్నారంటే ఆరు నెలలు ఉంటారా లేదా అన్నది ఆపరేషన్స్ వాళ్లతో కలిసి చూసుకోవాల్సిన విషయం. దాచేలా మాత్రం అడగొద్దు.

వీక్ ఆఫ్‌లు కూడా షిఫ్ట్‌లో భాగమే అని ఫ్రెషర్లకు తట్టదు. రొటేషనల్ ఆఫ్ అంటే శనాదివారాలు కాకుండా మంగళ, బుధవారాలు రావొచ్చు. సెలవులు క్లయింట్ క్యాలెండర్ ప్రకారం నడుస్తాయి. థాంక్స్‌గివింగ్ రోజుల్లో ఈ-కామర్స్ ప్రాసెస్‌లకు కాల్స్ ఇంకా పెరుగుతాయి, ఆ వారం లీవ్ ఇవ్వరు. సంక్రాంతికి ఊరెళ్లడం గ్యారెంటీ లేదని ఫోన్‌లోనే చెప్పేయండి. అప్పుడు కాసేపు ఆగి "ఒకసారి ఇంట్లో అడిగి చెప్తానండీ" అన్న మనిషిని తక్కువగా చూడకండి. ఆలోచించకుండా అన్నిటికీ సరే అన్నవాళ్లకంటే వాళ్లే నిలబడతారు.

అమ్మాయిల రెజ్యూమే దగ్గర ఒక మాట. రాత్రి షిఫ్ట్ కదా, వాళ్ల ఇంట్లో పంపరేమో అని మీరే నిర్ణయం తీసుకుని పక్కన పెట్టే అలవాటు చాలామంది రిక్రూటర్లలో ఉంది. అది అన్యాయం. రాత్రి షిఫ్ట్‌లో మహిళలకు రవాణా, భద్రత ఏర్పాటు చేయాల్సింది కంపెనీ. క్యాబ్‌లో సెక్యూరిటీ గార్డ్ ఉంటారా, ఇంటి గుమ్మం దాకా దింపుతారా అన్నది మీరు స్పష్టంగా చెప్పండి, నిర్ణయం ఆమెది. పెళ్లి ఎప్పుడు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు లాంటి ప్రశ్నలు అబ్బాయిలను అడగరు కదా, అమ్మాయిలనూ అడగొద్దు.

ఇప్పుడు కమ్యూనికేషన్. "ఎక్సలెంట్ కమ్యూనికేషన్ స్కిల్స్" అన్న లైన్‌కి విలువ సున్నా, ఉన్నా లేకపోయినా ఒకటే. కెరీర్ ఆబ్జెక్టివ్ అసలు చదవొద్దు, అది ఎవరో ఎప్పుడో రాసింది, అందరి రెజ్యూమేల్లోనూ తిరుగుతోంది. చదవాల్సింది ఈ మనిషి తెలియనివాళ్లతో రోజూ మాట్లాడే పని ఎప్పుడైనా చేశారా అన్నది. మొబైల్ షాపులో శని, ఆదివారాలు నిలబడి ఉండొచ్చు. ఆస్పత్రి రిసెప్షన్ కావొచ్చు, ట్యూషన్ చెప్పడం కావొచ్చు, కాలేజీ ఫెస్ట్‌లో రిజిస్ట్రేషన్ డెస్క్ కావొచ్చు. ఇవి ఎక్కువసార్లు "అదర్ యాక్టివిటీస్" కింద చివర్లో ఒక్క లైన్‌లో ఉంటాయి, లేదా అసలు ఉండవు. షాపులో పనిచేశానని రాస్తే పరువు తక్కువ అనుకుని తీసేస్తారు పిల్లలు. మీకు మాత్రం అదే అన్నిటికంటే పనికొచ్చే లైన్.

స్పెల్లింగ్ తప్పుల గురించి కాస్త ఉదారంగా ఉండండి, ప్రాసెస్ పూర్తిగా వాయిస్ అయితే. బ్లెండెడ్ అయితే, అంటే కాల్స్‌తో పాటు ఈమెయిల్, చాట్ కూడా ఉంటే మాత్రం రాత లెక్కలోకి వస్తుంది. అప్పుడు కూడా టెంప్లేట్ భాగం వదిలేసి, వాళ్లు సొంతంగా రాసిన ప్రాజెక్ట్ వివరణో, మీకు పంపిన మెయిలో చూడండి. తెలుగు మీడియం అని కనిపించినంత మాత్రాన కాల్ చేయడం మానొద్దు. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి, సరిగ్గా అర్థమయ్యేలా నెమ్మదిగా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఇంగ్లిష్ మీడియంలో చదివి వేగంగా, సగం మాటలు మింగుతూ మాట్లాడేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఫోన్ పట్టుకున్న పెద్దావిడకి మొదటి మనిషే సుఖం.

కాబట్టి రెజ్యూమే పని కాల్‌కి ప్రశ్నలు ఇవ్వడం. ఏడెనిమిది నిమిషాలు చాలు. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" వద్దు, అది బట్టీ పట్టినదే వస్తుంది. రెజ్యూమేలో ఉన్న ఒక నిజమైన పనిని పట్టుకోండి. "షాపులో ఎవరైనా ఫోన్ వెనక్కి తెచ్చి గొడవ పెట్టుకున్నారా? ఏం జరిగిందో చెప్పండి" అని ఇంగ్లిష్‌లో అడగండి. బట్టీ లేని చోట వాక్యం ఎలా కట్టుకుంటున్నారో అప్పుడు వినిపిస్తుంది. గ్రామర్ అక్కడక్కడా తప్పినా కథ వరస తప్పకుండా చెప్పగలిగితే మంచి గుర్తు.

తర్వాత ఒక ఆర్డర్ నంబర్, ఒక పేరు, ఒక మొత్తం చెప్పి తిరిగి చదవమనండి. నంబర్‌లో అక్షరాలు కలిసి ఉండాలి, B, D, P, V లాంటివి. మొత్తంలో ఫిఫ్టీన్ గానీ ఫిఫ్టీ గానీ రావాలి. తిరిగి చెప్పేటప్పుడు "బి ఫర్ బ్రావో" అన్నా "బి ఫర్ బాంబే" అన్నా ఫర్వాలేదు, విన్నది సరిచూసుకునే అలవాటు ఉందా లేదా అన్నదే చూడాలి. ఫిఫ్టీనా ఫిఫ్టీయా అని తిరిగి అడిగిన అభ్యర్థికి నేనైతే పక్కన టిక్ పెడతాను. ఊహించి చెప్పేసినవాళ్లు రేపు కస్టమర్‌కి తప్పు రీఫండ్ పెడతారు.

యాసని, అర్థం కాకపోవడాన్ని ఒకటిగా చూడొద్దు. ఎంటీఐ, అంటే మాతృభాష ప్రభావం, అని ఫారంలో రాసేస్తుంటారు అందరూ. మాట చివర "ఉ" చేర్చడం, వి, డబ్ల్యూ రెండూ ఒకేలా పలకడం, జీరోలో జెడ్‌ని జ లా పలకడం మనవాళ్లలో మామూలే. ఇవి వాయిస్ అండ్ యాక్సెంట్ ట్రైనింగ్‌లో చాలావరకు తగ్గుతాయి. వేగం తగ్గకపోవడం, మధ్యలో అడ్డు తగలడం, వినకుండా జవాబివ్వడం మాత్రం అంత తొందరగా మారవు. మీ దగ్గర వెర్సాంట్ లాంటి ఆన్‌లైన్ టెస్ట్ ఉంటే దాని కటాఫ్ క్లయింట్‌ని బట్టి ఉంటుంది, దాన్ని తప్పించుకునే వీలు ఉండదు. కానీ మీ కాల్‌లో బాగున్న మనిషి టెస్ట్‌లో తక్కువ వస్తే ముందు హెడ్‌సెట్ ఏది, గదిలో ఫ్యాన్ చప్పుడు ఉందా అని అడగండి. మెషీన్ వినే టెస్ట్ అది, చెడ్డ మైక్‌తో మంచి గొంతు కూడా పడిపోతుంది. రీటెస్ట్‌కి రూల్ ఉంటే వాడండి.

టూల్స్ దగ్గర తక్కువసేపు ఆగండి. ఫ్రెషర్‌కి సేల్స్‌ఫోర్స్, జెండెస్క్, అవాయా అన్నీ తెలుసని రాస్తే సంతోషించే ముందు ఒక్క ప్రశ్న వేయండి: "టికెట్‌ని పెండింగ్‌లో పెట్టడానికీ ఆన్ హోల్డ్‌లో పెట్టడానికీ తేడా ఏంటి?" టికెట్ అంటే కస్టమర్ ఫిర్యాదుకి తెరిచే రికార్డు. జెండెస్క్‌లో పెండింగ్ అంటే కస్టమర్ జవాబు కోసం ఆగాం అని, ఆన్ హోల్డ్ అంటే ఇంకో టీమో బయటివాళ్లో ఏదో తేల్చాలి అని. దాన్ని కొన్నాళ్లు వాడిన మనిషైతే ఇది చెబుతారు. కాపీ కొట్టి రాసినవాళ్లు సీఆర్‌ఎం ఫుల్ ఫామ్ చెప్పి ఆగిపోతారు. చెప్పలేకపోతే రిజెక్ట్ చేయాలని కాదు, మీ టూల్ ఎలాగూ వేరుగా ఉంటుంది, ట్రైనింగ్‌లో నేర్పుతారు. ఆ లైన్‌కి మార్కులు వేయొద్దు, అంతే.

ఫ్రెషర్ విషయంలో టూల్ పేరు కంటే టైపింగ్ ఎక్కువ తూకం. వింటూ టైప్ చేయడం రాకపోతే కాల్ అయ్యాక నోట్స్ రాస్తూ కూర్చుంటారు, ఒక్కో కాల్‌కి పట్టే హ్యాండిల్ టైమ్ పెరిగిపోతుంది. మన దగ్గర ఒక మంచి ఆనవాలు ఉంది, దాన్ని కార్పొరేట్ రిక్రూటర్లు గుర్తుపట్టరు. సాంకేతిక విద్యా మండలి నిర్వహించే ఇంగ్లిష్ టైప్‌రైటింగ్ లోయర్, హయ్యర్. లోయర్ అంటే నిమిషానికి 30 పదాలు, హయ్యర్ అంటే 45. చిన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల రెజ్యూమేలో ఇది చివర్లో పాత సర్టిఫికెట్‌లా కనిపిస్తుంది. మీరు టైపింగ్ టెస్ట్ పెట్టక్కర్లేదని కాదు గానీ, ఇది చూసిన మనిషిని ధైర్యంగా పిలవొచ్చు.

మీ పోస్టింగ్‌కే రెండు రెజ్యూమేలు వచ్చాయనుకుందాం. మొదటిది బీటెక్, మంచి ఫార్మాట్, రెండు పేజీలు. స్కిల్స్‌లో సేల్స్‌ఫోర్స్, జెండెస్క్, ఎక్సెల్, పైథాన్. కమ్యూనికేషన్‌కి నాలుగు నక్షత్రాలు తనే వేసుకున్నాడు. అడ్రస్ హయత్‌నగర్. మనుషులతో మాట్లాడిన పని ఒక్కటీ లేదు, ప్రాజెక్టులన్నీ కోడింగ్. రెండోది బీకాం, ఒకటే పేజీ, ఆబ్జెక్టివ్‌లో స్పెల్లింగ్ తప్పు. నల్గొండ పర్మనెంట్ అడ్రస్, కింద చిన్నగా "కరెంట్లీ స్టేయింగ్ ఇన్ మియాపూర్". ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌లో పది నెలలు బిల్లింగ్ కౌంటర్, సర్వీస్ కంప్లయింట్లు రాసుకునేది. టైప్‌రైటింగ్ లోయర్. ఎంకాం డిస్టెన్స్.

పైపైన చూస్తే మొదటిదే పైకి వస్తుంది, కీవర్డ్‌లు పట్టే సాఫ్ట్‌వేర్ అయితే రెండోదాన్ని కిందకి తోసేస్తుంది. నేను ముందు ఫోన్ చేసేది రెండో అమ్మాయికి. మియాపూర్ బౌండరీ లోపలే ఉంటుంది, డ్రాప్ సమస్య లేదు. కంప్లయింట్ రాసుకోవడం అంటే వినడం, అడగడం, నంబర్ ఇవ్వడం, మళ్లీ ఫాలో అప్ చేయడం. టికెట్ అన్న మాట తెలియకపోయినా టికెట్ పని చేసినట్టే. అడగాల్సినవి మూడే: ఆ షోరూమ్ కస్టమర్లతో తెలుగులోనే మాట్లాడారా, ఇంగ్లిష్‌లో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఏం చేశారు, ఎంకాం పరీక్షలు ఏ నెలలో. మొదటి ప్రశ్నకి "తెలుగు, హిందీ" అన్న జవాబు రావొచ్చు. అప్పుడు మిగతా కాల్ అంతా ఇంగ్లిష్‌లో నడపండి. అక్కడ తడబడితే మీ దగ్గర డొమెస్టిక్ ప్రాసెస్ ఏదైనా ఉంటే దానికి పంపండి. ఆ మనిషి దానికి సరిగ్గా సరిపోతుంది.

మొదటి అబ్బాయిని తీసిపారేయక్కర్లేదు. అతనికి రెండే ప్రశ్నలు: నాలుగున్నరకి నోడల్ పాయింట్ నుంచి ఇంటికెలా, ఐటీ ఉద్యోగం వస్తే ఏం చేస్తారు. రెండోదానికి నిజం చెబితే గౌరవించండి. చాలామంది బీటెక్‌లు వాయిస్‌లో మంచి పేరు తెచ్చుకుని టెక్నికల్ సపోర్ట్‌కి వెళ్లారు, "అప్లికేషన్ ఇష్యూ ఏంటో కనుక్కోవడం నాకు ఇష్టం" లాంటి జవాబు వస్తే మీ కంపెనీలో టెక్నికల్ ప్రాసెస్ ఖాళీలు చూడండి.

ఆపరేషన్స్‌కి పంపేటప్పుడు "గుడ్ కమ్యూనికేషన్" అని మీరు కూడా రాయకండి. విన్నది రాయండి. నేనైతే ఆ అమ్మాయి గురించి ఇలా రాస్తాను: "మియాపూర్, బౌండరీ లోపల. 7:30 నుంచి 4:30, రొటేషనల్ ఆఫ్, క్లయింట్ సెలవులు చెప్పాను, ఇంట్లో అడిగి మర్నాడు ఒప్పుకుంది. ఎంకాం పరీక్షలు మే నెలలో, నాలుగు రోజుల లీవ్ అడుగుతుంది. కంప్లయింట్ డెస్క్ అనుభవం. ఆర్డర్ నంబర్ తిరిగి చదివింది, ఫిఫ్టీన్ దగ్గర ఆగి కన్ఫర్మ్ చేసుకుంది. మాట నెమ్మది, వాక్యం చివర 'ఉ' వస్తోంది. సీఆర్‌ఎం తెలియదు, టైపింగ్ లోయర్ పాసైంది, టెస్ట్ పెట్టాలి." ఇది చదివిన టీమ్ లీడ్ ఇంటర్వ్యూలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడు, నేరుగా ఒక మాక్ కాల్ పెడతాడు.